అంధేరీలో ఇంటర్వ్యూ, దాదర్‌లో రూము

మక్తల్
అల్లుడూ,

నీ మెసేజ్ చూసిన. ఇంటర్వ్యూ అంధేరీ ఈస్ట్‌లో, మా అక్క కూడా వెంట వస్తున్నది, మూడు రోజులు ఉంటరు, సిద్ధివినాయక గుడి, గేట్‌వే చూడాలంటున్నవు. రూము మాత్రం వాశీలో చూసినవు, రోజుకు ఏడెనిమిది వందలు తక్కువని. అక్కడ నేను దెబ్బ తిన్నందుకే ఇంత పొడుగు రాస్తున్న.

మా తమ్ముడిని పరేల్‌లో ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు నేనూ అగ్గువ చూసి వాశీలోనే దిగిన. మ్యాపులో ఆ మధ్యనున్న నీళ్లు దాటితే ముంబైయే కదా అనుకున్న. లోకల్ రైళ్లల్ల వాశీ ఉన్నది హార్బర్ లైన్ మీద, పరేల్ ఉన్నది సెంట్రల్ లైన్ మీద. కుర్లాలో దిగి, మెట్లెక్కి, బ్రిడ్జి దాటి, ఇంకో ప్లాట్‌ఫారం మీద బండి మారాలె. పొద్దున తొమ్మిదింటికి ఆ బ్రిడ్జి మీద జనం మనల్ని మోసుకుపోతరు తప్ప మనం నడవం. రోగంతో ఉన్న మనిషిని ఒక్కరోజు అట్ల తిప్పిన, తెల్లారి నుంచి ట్యాక్సీయే. రూములో మిగిలింది ట్యాక్సీకి పోగా, మీదికెల్లి చేతి పైసలు పడ్డయి.

అందుకని ముంబైలో కిలోమీటర్లు చూడకు, లైన్ చూడు. వెస్టర్న్, సెంట్రల్, హార్బర్ అని ముఖ్యంగా మూడు. నీ ఇంటర్వ్యూ ఉన్న అంధేరీ వెస్టర్న్ మీద ఉంది. రాయచూర్ నుంచి మీరెక్కే బండి వచ్చేది సెంట్రల్ మీదికి. ఈ రెండూ కలిసే స్టేషన్ దాదర్. అందుకే దాదర్ అంటున్న.

ఇంకో సంగతి, జనం ఎటు పోతున్నరన్నది. పొద్దున ఎక్కువ తోపులాట దక్షిణం వైపు, అంటే చర్చిగేట్, సీఎస్‌ఎంటీ వైపు. సాయంత్రం తిరిగి ఉత్తరానికి. దాదర్‌లో ఉంటే నువ్వు పొద్దున ఉత్తరానికి అంధేరీ పోతవు, సాయంత్రం దక్షిణానికి వస్తవు. ఖాళీ బండి దొరుకుతదని చెప్పను, గానీ నిలబడనైతే దొరుకుతది. ఫాస్ట్ లోకల్ ఎక్కితే ఇరవై ఇరవై అయిదు నిమిషాలు. విరార్ ఫాస్ట్ జోలికి పోకు, అది దూరం పోయేటోళ్ల బండి, మధ్యలో దిగనియ్యరు. బోరివలి బండో, అంధేరీ బండో చూసి ఎక్కు. అంధేరీలో దిగినంక మెట్రో ఉంది. గేట్‌వేకు మాత్రం పదకొండు దాటినంకనే బయలుదేరండి.

ఒక్క రాత్రి ఉండి, ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చేసేదైతే అంధేరీ ఈస్ట్‌లోనే ఉండుమందును. మూడు రోజులకు, అమ్మ వెంట ఉన్నప్పుడు, అది కుదరదు.

ఇగ దాదర్‌లో ఎటు పక్క? అక్కడ ప్రతి స్టేషన్‌కూ ఈస్ట్, వెస్ట్ అని రెండు పక్కలుంటయి, మధ్యల పట్టాలు. స్టేషన్‌కు అర కిలోమీటరని లాడ్జి వాళ్లు రాస్తరు, అది అవతలి పక్క అయితే సామానుతో బ్రిడ్జి ఎక్కి దిగాలె. మా అక్క మోకాళ్ల సంగతి నీకు తెల్వదా! దూరం బండ్లు ఆగేది సెంట్రల్ ప్లాట్‌ఫారాల మీద, అది ఈస్ట్ పక్క. స్వామినారాయణ గుడి దగ్గర చూడు. వెస్ట్‌లో పూల మార్కెట్, బట్టల బజారు, పెట్టె పట్టుకొని నడిచే జాగ ఉండదు. సిద్ధివినాయక గుడి వెస్ట్ పక్కనే, గానీ దానికి ట్యాక్సీ పెట్టుకుంటే అయిపాయె. అమ్మకు ఇడ్లీ సాంబారు కావాలంటే పక్క స్టేషనే మాటుంగా.

టికెట్ మీద LTT అని ఉంటే ఆ బండి కుర్లా దగ్గరే ఆగిపోతది, దాదర్ రాదు. అక్కడ ఆటోలుంటయి, గానీ అవి సయన్ దాటి లోపలికి రానియ్యరు. ట్యాక్సీయే మాట్లాడుకోవాలె.

వాన కాలంల పోతే ఇంకొకటి. దాదర్ ఈస్ట్ నుంచి పరేల్ పోయే దారిలో హింద్‌మాతా అని పల్లం ఉంది, గట్టి వాన పడితే మోకాళ్ల లోతు నీళ్లు. ఆ చౌరస్తా పక్కన రూము తీసుకోకు.

రూము ఖాయం చేసే ముందు మ్యాపులో రాత్రి పూట టైం చూసి సంబరపడకు. బయలుదేరే టైం మంగళవారం పొద్దున ఎనిమిదిన్నర అని పెట్టి చూడు. తర్వాత లాడ్జికి ఫోన్ చేసి మూడే అడుగు: ఈస్టా వెస్టా, స్టేషన్ నుంచి నడిస్తే మధ్యల బ్రిడ్జి ఉందా, లిఫ్ట్ పనిచేస్తదా. లిఫ్ట్ ఉందా అని అడగకు, అందరూ ఉందనే అంటరు. లేకపోతే ఆ నంబరు నాకు పంపు, హిందీల నేనే మాట్లాడుత.

నీ మేనమామ