జీఆర్ఈ మళ్లీ రాయాలంటే: 21 రోజుల లెక్క, దాని వెనక డాలర్ల లెక్క

అమ్మా, మీరు అక్టోబరు 18న డాలస్‌లో, పీజీ సీటు కోసం రాసే జీఆర్ఈ పరీక్ష రాసి, వెర్బల్ అనే ఇంగ్లిషు భాగంలో 148, క్వాంట్ అనే లెక్కల భాగంలో 157 తెచ్చుకున్నారు. డిసెంబరు 15 గడువుగా ఉన్న విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేయాలి కాబట్టి వచ్చే వారమే ఇంటి నుంచి ఇంకోసారి రాసేస్తే ఎలా ఉంటుందని అడిగారు. వచ్చే వారం కుదరదు. జీఆర్ఈని 21 రోజులకు ఒకసారి మాత్రమే రాయాలి. ఏ వరుస 12 నెలలు తీసుకున్నా అందులో ఐదుసార్లకు మించకూడదు. పరీక్షా కేంద్రంలో రాసినా, ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని రాసినా లెక్క ఒక్కటే. ఇంటి పరీక్షను వేరుగా లెక్కిస్తారని మీకు ఎవరు చెప్పారో గానీ, ఆ మాట నమ్మి 220 డాలర్లు కట్టకండి. నియమం దాటి రాసిన పరీక్షకు స్కోరు ఇవ్వరు, కట్టిన ఫీజూ తిరిగి రాదు.

మరో అపోహ కూడా మీ ఉత్తరంలో కనిపించింది. పరీక్ష చివర స్కోరు రద్దు చేసుకుంటే అసలు రాయనట్టే అవుతుందని మీరు అనుకుంటున్నారు. రద్దు చేస్తే ఆ స్కోరు విశ్వవిద్యాలయాలకు వెళ్లదు, అంతే. ఆ రోజు ఐదింటిలో ఒకటిగా లెక్కకు వస్తుంది, 21 రోజులూ ఆ రోజు నుంచే మొదలవుతాయి. 12 నెలలంటే జనవరి ఒకటిన మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేవి కావన్నది కూడా గుర్తుంచుకోండి. మీ మొదటి పరీక్ష అక్టోబరు 18న జరిగింది గనుక, వచ్చే అక్టోబరు 18 దాటేవరకూ అది మీ ఐదింటిలో ఒకటిగానే ఉంటుంది. మిగతా నిబంధనలన్నీ ఈ పరీక్ష నిర్వహించే ఈటీఎస్ వెబ్‌సైటులో ఉన్నాయి. ఇప్పటి పిల్లలకు చేతిలోనే ఫోను ఉంటుంది కాబట్టి అవి మీరే చదువుకోగలరు. నేను చెప్పదలచింది వెబ్‌సైటులో ఉండని సంగతి, అంటే ఈ 21 రోజులు మీ డబ్బును ఎలా ఖర్చు చేయిస్తాయి, ఎలా కాపాడతాయి అన్నది.

నేను 2007లో మీలాగే, ఇక్కడ ఉద్యోగం చేసే భర్త వెంట వచ్చేవారికిచ్చే హెచ్-4 వీసా మీద, మావారి ఒక్క జీతం మీద ఉండగా ఈ పరీక్ష రాశాను. హెచ్-4 వాళ్లలో కొందరికైనా పని అనుమతి వచ్చింది 2015లో. అప్పట్లో ఆ ఊసే లేదు. ఆ రోజుల్లో జీఆర్ఈకి 21 రోజుల నియమం కాకుండా క్యాలెండరు నెలకు ఒకసారి అనే నియమం ఉండేది. అక్టోబరు ఆఖరి వారంలో ఒకసారి రాసి, స్కోరు నచ్చక, నెల మారింది గదా అని నవంబరు మొదట్లోనే మళ్లీ కూర్చున్నాను. మధ్యలో కొత్తగా చదివిందేమీ లేదు. మొదటిసారి కంగారు పడ్డాను, ఈసారి పడను అన్న ధీమా ఒక్కటే ఉండేది. రెండోసారి క్వాంట్ తగ్గింది. పైగా అప్పట్లో ఏ స్కోరు పంపాలో మనం ఎంచుకునే వీలు లేదు, ఐదేళ్లలో రాసినవన్నీ కలిపి పంపేవారు. అందువల్ల ఆ నెల ఇంటి అద్దె కట్టాక మిగిలినదంతా ఫీజుగా పోయింది, దాని ఫలితంగా తగ్గిన స్కోరు కూడా ప్రతి విశ్వవిద్యాలయానికీ చేరింది. మా ఆయన ఒక్క మాట అనలేదు గానీ, కూరగాయల కొట్టులో బిల్లు చూసుకుంటూ సరుకులు వెనక్కి పెట్టిన ఆ నెల నాకు బాగా జ్ఞాపకం. ఆ తరువాత సావకాశంగా చదివి రాసి, సీటు తెచ్చుకుని, చదువు ముగించి ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాను. కాబట్టి ఈ లెక్క నాకు బాగా తెలుసునని చెప్పగలను.

ఇప్పుడు మీ తేదీల సంగతి చూద్దాం. అక్టోబరు 18కి 21 రోజులు కలిపితే నవంబరు 8. ఆ రోజు రాస్తే, అధికారిక స్కోరు ఎనిమిది నుంచి పది రోజుల్లో వస్తుంది కాబట్టి నవంబరు 18కల్లా చేతిలో ఉంటుంది. అప్పటికీ చాలకపోతే మళ్లీ 21 రోజులకు, నవంబరు 29న, మూడోసారి రాయవచ్చు. దాని స్కోరు డిసెంబరు 9కి వస్తుంది. కాగితం మీద చూస్తే మీకు ఇంకా రెండు అవకాశాలు ఉన్నాయి. కానీ రెండింటికీ కలిపి 440 డాలర్లు అవుతాయి. అందువల్ల రెండు అవకాశాలను వాడుకోవడానికి కాకుండా, ఒక్కదాన్ని బాగా వాడుకుని రెండోదాన్ని ఆపదకు అట్టిపెట్టుకోవడానికి తేదీ ఎంచుకోండి.

ఆ తేదీని గడువు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. డిసెంబరు 15 నుంచి స్కోరు రావడానికి పట్టే పది రోజులు తీసేస్తే డిసెంబరు 5, అందులోంచి 21 రోజులు తీసేస్తే నవంబరు 14. అంటే మీ రెండో ప్రయత్నం నవంబరు 14 దాటితే మూడో ప్రయత్నానికి తలుపు మూసుకున్నట్టే. 14నే రాస్తే ఒక్క రోజు కూడా వెసులుబాటు ఉండదు, విశ్వవిద్యాలయం వాళ్లు ఆ స్కోరును మీ దరఖాస్తుకు జతచేయడానికి మరికొంత సమయం పడుతుంది. కాబట్టి నవంబరు 12 ప్రాంతంలో రాయమంటాను. నవంబరు 8 కంటే నాలుగు రోజులు అదనంగా చదువుకోవచ్చు, ఆపదకు డిసెంబరు 3 మిగిలి ఉంటుంది, దాని స్కోరు 13కల్లా వస్తుంది.

ఈ వ్యవధిలో ఏం చదవాలో మీ పరీక్షే చెప్పింది. 2023 సెప్టెంబరు నుంచి జీఆర్ఈ రెండు గంటల లోపు ముగిసే చిన్న పరీక్ష అయింది. క్వాంట్‌లో మొదటి విభాగానికి 12 ప్రశ్నలు, రెండో విభాగానికి 15. మొదటి విభాగంలో మీరు ఎలా రాశారన్నదాన్ని బట్టి రెండోది కష్టంగా గానీ తేలికగా గానీ వస్తుంది. రెండో విభాగం తేలికగా అనిపించింది, అయినా 157 దగ్గరే ఆగిపోయిందని మీరు రాశారు. తేలికగా అనిపించడమే ఇక్కడ ఆనవాలు: స్కోరు మొదటి విభాగంలోనే జారిపోయింది. మొదటి 12 ప్రశ్నలకు ఇచ్చే 21 నిమిషాల్లో, తెలిసిన అంశాలపైనే తొందరపడి తప్పులు చేసి ఉంటారు. మన వైపు ఇంజనీరింగ్ చదివినవారు క్వాంట్‌ను తేలికగా తీసుకుని వెర్బల్ పదాల పట్టికలు బట్టీ పడుతుంటారు. మూడు వారాల్లో వెర్బల్ పెరిగేది కొద్దిగానే, ఇలా జారిపోయిన క్వాంట్ మాత్రం త్వరగా తిరిగి వస్తుంది. రోజూ ఒక 12 ప్రశ్నల విభాగాన్ని గడియారం పెట్టుకుని చేసి, తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కనా అది తెలియక పోయిందా, తొందరలో పోయిందా అని రాసుకోండి. వారం తిరిగేసరికి ఆ కాగితం చూస్తే మీ జబ్బేమిటో మీకే తెలుస్తుంది.

ఈటీఎస్ వాళ్లు ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ నమూనా పరీక్షలు రెండున్నాయి. వాటిలో ఒకదాన్ని ఇప్పటికే రాసేశానన్నారు కాబట్టి రెండోదాన్ని ముట్టుకోకుండా నవంబరు 6 వరకూ దాచండి. ఆ రోజు అసలు పరీక్షలాగే మధ్యలో లేవకుండా పూర్తిచేసి స్కోరు చూసుకోండి. తేదీ మార్చుకోవాలంటే పరీక్షకు కనీసం నాలుగు రోజుల ముందే మార్చుకోవాలి, దానికి వేరే ఫీజు అవుతుంది. పూర్తిగా రద్దు చేసుకుంటే కట్టినదాంట్లో సగం వెనక్కి వస్తుంది. ఆ గడువు దాటితే మొత్తం పోతుంది. అందుకని నవంబరు 7న మీ వారితో కూర్చుని నిర్ణయం తీసుకోండి. నమూనా పరీక్షలో క్వాంట్ 157 దగ్గరే ఉంటే ఆ ఫీజు కట్టి నవంబరు చివరికి మార్చుకోవడమే చౌక. అప్పుడు మూడో అవకాశం ఉండదని తెలిసే మార్చుకోండి. అయిదారు మార్కులు పెరిగి ఉంటే 12ననే ధైర్యంగా వెళ్లండి.

స్కోరు పంపడంలోనూ డబ్బు జారిపోతుంది, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. పరీక్ష రోజున నాలుగు చోట్లకు ఉచితంగా పంపవచ్చు. తరువాత పంపే ప్రతి చోటుకూ ఫీజు కట్టాలి. పరీక్ష రోజున అయితే ఆ రోజు స్కోరు ఒక్కటి గానీ, ఐదేళ్లలో రాసినవన్నీ గానీ పంపమనవచ్చు. పాత పరీక్ష స్కోరును ఒక్కదాన్నే పంపే వెసులుబాటు తరువాత డబ్బు కట్టి పంపేటప్పుడే ఉంటుంది. మీరు ఆరు విశ్వవిద్యాలయాలు అనుకుంటున్నారు. పరీక్ష చివర వెర్బల్, క్వాంట్ అంకెలు తెర మీద కనిపిస్తాయి కాబట్టి, పెరిగాయని తెలిశాక నాలుగింటికి అక్కడికక్కడే పంపితే మిగిలిన రెండింటికి మాత్రమే ఫీజు కడితే సరిపోతుంది. ఏ నాలుగో ముందే నిర్ణయించుకుని వెళ్లండి, అక్కడ కూర్చుని ఆలోచించే సమయం ఉండదు.

ఇంకొక మాట, పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మారిందని రాశారు. ఈటీఎస్ ఖాతాలోని పేరూ పాస్‌పోర్టులోని పేరూ కలవకపోతే పరీక్ష రాయనివ్వకపోవచ్చు, అప్పుడు ఫీజు కూడా పోతుంది. కొత్త ఖాతా తెరవకుండా, పాత ఖాతాలోనే పేరు సరిదిద్దమని ఇప్పుడే రాయండి. లేదంటే స్కోర్లు రెండు ఖాతాల్లో చీలిపోయి వాటిని కలపడానికి గడువు దగ్గర్లో తంటాలు పడాలి.

చివరగా, మీ వారు రాయదలచిన పీఎంపీ, అంటే ప్రాజెక్టు మేనేజర్ల అర్హత పరీక్ష గురించి అడిగారు. దానికి జీఆర్ఈ లెక్క వర్తించదు. దాన్ని నిర్వహించే పీఎంఐ వాళ్లు దరఖాస్తు ఆమోదించిన రోజు నుంచి ఒక సంవత్సరం గడియారం నడుస్తుంది. ఆ సంవత్సరంలో మూడుసార్లు రాయవచ్చు. మూడుసార్లూ పోతే చివరి పరీక్ష నుంచి ఏడాది ఆగాలి. పీఎంపీలో రెండోసారి ఫీజు కాస్త తగ్గుతుంది, కాలం మాత్రం రాసినా రాయకపోయినా కరుగుతూనే ఉంటుంది. ప్రాజెక్టు హడావుడిలో ఉన్నారంటున్నారు కాబట్టి, ఇప్పుడు దరఖాస్తు ఆమోదింపజేసుకుని ఆరు నెలలు పక్కన పెట్టవద్దని చెప్పండి. ముందు చదువు సగానికి పైగా పూర్తిచేసి, అప్పుడు దరఖాస్తు పంపి, ఆమోదం రాగానే తేదీ తీసుకోమనండి. మీ పరీక్షా ఆయన పరీక్షా ఒకే నెలలో పెట్టుకోకండి. ఒక్క జీతం మీద ఒకే క్రెడిట్ కార్డు బిల్లులో రెండు ఫీజులు పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మీది నవంబరులో అవుతుంది, ఆయనది ఫిబ్రవరి తరువాత పెట్టుకోమనండి.