పెట్టె మీది నంబరు, ఫోన్‌లోని నంబరు

ప్రశ్న: ఆన్‌లైన్ ప్రకటన చూసి జనవరి 9న విజయవాడ బస్‌స్టేషన్ దగ్గర ముక్కూ మొహం తెలియని వ్యక్తి నుంచి వాడిన ఫోన్ రూ.14,000కు కొన్నాను. పెట్టె, బిల్లు జిరాక్సు ఇచ్చాడు. పెట్టె మీద ఉన్న ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరును, ప్రభుత్వ నంబరు 14422కు ఎస్సెమ్మెస్ చేస్తే సరైనదేనని జవాబు వచ్చింది. పది వేలు యూపీఐలో, నాలుగు వేలు నగదుగా ఇచ్చాను. మా అమ్మ ఉంగరం కుదువపెట్టి ఇచ్చిన డబ్బు అది. మూడు వారాలకు ఫోన్‌లో నెట్‌వర్క్ పోయింది. నిన్న ఒక పోలీస్ స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది. అది దొంగసొత్తని, తెచ్చి అప్పగించమని అన్నారు. ఇప్పుడు *#06# నొక్కి చూస్తే వేరే నంబరు కనిపిస్తోంది. రెండున్నర వేలు ఇస్తే నంబరు మార్చేస్తానని రిపేరు షాపతను అంటున్నాడు. నేను ఏ తప్పూ చేయలేదు. ఫోన్ నాకే దక్కే మార్గం చెప్పండి.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఫోన్ మీకు దక్కదు. తనది కాని వస్తువును అమ్మినవాడు దాని మీద హక్కును మీకు ఇవ్వలేడు. వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 27 చెప్పేది ఇదే. మీరు పూర్తి ధర ఇచ్చారా, మంచి మనసుతో కొన్నారా అన్న ప్రశ్నలు ఇక్కడ అసలు యజమాని హక్కును తగ్గించవు. ఆ యజమాని దగ్గర నుంచి డబ్బు అడిగే హక్కు కూడా మీకు లేదు.

మీ ఉత్తరంలో ఎక్కువ భాగం జనవరి 9న మీరు నిర్దోషి అని చెప్పడానికే సరిపోయింది. నేను నమ్ముతున్నాను. కానీ మీ కేసును తేల్చేది ఆ తేదీ కాదు, నిన్నటి తేదీ. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317(2) దొంగసొత్తును తెలిసి పుచ్చుకున్నవాడినే కాదు, తెలిసి తన దగ్గర ఉంచుకున్నవాడిని కూడా శిక్షిస్తుంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొన్న రోజు మీకు తెలియకపోవచ్చు. నిన్న స్టేషన్ నుంచి పిలుపు వచ్చాక మాత్రం తెలిసింది. ఇవాళ్టి నుంచి ఆ ఫోన్‌ను బీరువాలో పెట్టుకుని కూర్చుంటే, ‘నాకు తెలియదు’ అనే మాట రోజురోజుకూ బలం కోల్పోతుంది. ఎవరో పారేసుకున్న ఫోన్ మరొకరికి దొరికి అమ్మేసినా ఇదే లెక్క. దొరికిన వస్తువును సొంతం చేసుకుని అమ్మడం కూడా నేరమే, ఆ వస్తువూ దొంగసొత్తు కిందికే వస్తుంది.

ఇక రిపేరు షాపతని మాట. ఆ షాపు గడప మళ్లీ తొక్కకండి. టెలికమ్యూనికేషన్ల చట్టం, 2023 సెక్షన్ 42(3) ప్రకారం ఐఎంఈఐ వంటి గుర్తింపు నంబరును తారుమారు చేయడం నేరం. అలా మార్చారని తెలిసి ఆ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడమూ నేరమే. మూడేళ్ల వరకు జైలు, యాభై లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కుగా రాదు. ఇవాళ మీరు ఈ కేసులో పోలీసులకు పనికొచ్చే సాక్షి. రెండున్నర వేలు ఇచ్చి ముద్దాయిల వరుసలో నిలబడతారా? పైగా పాత నంబరుతో ఆ ఫోన్‌లో మీ సిమ్ వాడిన వివరం ఇప్పటికే పోలీసులకు చేరింది. లేకపోతే వాళ్లకు మీ నంబరు ఎలా తెలిసింది? ఇంకెవరికైనా అమ్మేసి చేతులు దులుపుకోవాలన్న ఆలోచన వస్తే, అప్పుడు మిమ్మల్ని మోసం చేసినవాడికీ మీకూ తేడా ఉండదు.

ఇప్పుడు మీ అజాగ్రత్త గురించి రెండు మాటలు అనక తప్పదు. 14422కు ఎస్సెమ్మెస్ చేయాలని తెలిసిన మనిషి, ఏ నంబరు పంపాలో ఆలోచించలేదు. పెట్టెను ఎవరు దొంగిలిస్తారు? దొంగిలించింది ఫోన్‌ను. అదే మోడల్ ఫోన్ చట్టబద్ధంగా కొన్న మరొకరి ఖాళీ పెట్టె, దాని బిల్లు జిరాక్సు సంపాదించడం కష్టమేమీ కాదు. ఐఎంఈఐలో పదిహేను అంకెలు ఉంటాయి. మొదటి ఎనిమిది తయారీదారును, మోడల్‌ను సూచిస్తాయి. తర్వాతి ఆరు ఆ ఒక్క ఫోన్‌కు చెందిన వరుస సంఖ్య. చివరిది సరిచూసే అంకె. కాబట్టి ఒకే మోడల్ ఫోన్లు రెండు తీసుకుంటే మొదటి ఎనిమిది అంకెలు సాధారణంగా ఒకటే. అమ్మేవాడు పెట్టెను, తెరను పక్కపక్కన పెట్టి మొదటి అంకెలను గబగబా చదివితే కొనేవాడు తల ఊపుతాడు. మీ ఎస్సెమ్మెస్‌కు వచ్చిన జవాబులో కంపెనీ, మోడల్ పేర్లు సరిపోవడం కూడా ఇందుకే. తేడా చివరి ఏడు అంకెల్లో ఉంది, అవి మీరు చదవలేదు.

పంపవలసింది, మీ చేత్తో మీరే *#06# నొక్కితే తెర మీద వచ్చే నంబరు:

```
KYM <15 అంకెల ఐఎంఈఐ>
```

రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు నంబర్లు వస్తాయి, రెండూ పంపాలి. జవాబులో నిరోధిత జాబితాలో ఉందనో, నకిలీ నంబరనో, ఇప్పటికే వాడుకలో ఉందనో వస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయాలి. సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోనూ ఇదే పరీక్ష చేసుకోవచ్చు. ఆ తర్వాతే తెర మీది నంబరును పెట్టెతో, బిల్లుతో చివరి అంకె వరకు వేలు పెట్టి సరిచూసుకోవాలి.

అయితే ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది, అది మీకు అనుకూలంగా మారవచ్చు. పోగొట్టుకున్న యజమాని ఫిర్యాదు చేసి నంబరును నిలిపివేయించేదాకా జవాబు సరైనదనే వస్తుంది. సాయంత్రం పోయిన ఫోన్‌ను మరునాడు పొద్దున అమ్మేస్తే ఏ వెబ్‌సైటూ పట్టుకోలేదు. అందుకే స్టేషన్‌కు వెళ్లినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: యజమాని ఫిర్యాదు ఏ తేదీది, నంబరును నిలిపివేసింది ఏ రోజు? అది జనవరి 9 తర్వాతి తేదీ అయితే, మీరు సరైన నంబరు పంపి ఉన్నా ఫలితం మారేది కాదు. అప్పుడు మీ అజాగ్రత్త మీ మీద పెద్ద బరువు కాదు.

నేను ఇంత తిట్టిన ఆ ఎస్సెమ్మెస్సే మీ దగ్గరున్న మంచి సాక్ష్యం. దొంగసొత్తని తెలిసినవాడు ప్రభుత్వ నంబరుకు ఎస్సెమ్మెస్ పంపి విచారించడు. దాని మీద తేదీ, సమయం ఉంటాయి. దాన్ని ఏ ఫోన్ నుంచి పంపారో మీరు రాయలేదు. పాత ఫోన్ నుంచి అయితే దాన్ని అమ్మకండి, అందులోని సందేశాలు చెరపకండి. అమ్మినవాడితో జరిగిన సంభాషణ కూడా అందులోనే ఉండవచ్చు. తెర బొమ్మలు తీసి ప్రింటు తెస్తే కోర్టులో చాలదు. ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి, అసలు పరికరం చేతిలో ఉంటే అది తేలిక.

ఇంకొకటి దాటవేశారు. ఆ మోడల్ కొత్తది ఎంత? ఇరవై వేల ఫోన్ పద్నాలుగుకు వస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. అరవై వేలది వస్తే, ‘అనుమానించడానికి కారణం లేదా?’ అని ఏ మేజిస్ట్రేటు అయినా అడుగుతాడు. సెక్షన్ 317లో తెలిసి ఉండటంతో పాటు ‘నమ్మడానికి తగిన కారణం ఉండటం’ కూడా ఉంది. ప్రకటనలో అమ్మకానికి చెప్పిన కారణం, ధర కనిపించే పేజీ మీ దగ్గర ఉంటే జాగ్రత్త చేయండి.

అప్పగించే పద్ధతి. ముందుగా ఫోన్ చేసింది నిజంగా పోలీసులేనా తేల్చుకోండి. వాళ్లిచ్చిన నంబరుకు కాకుండా, ఆ జిల్లా పోలీసు వెబ్‌సైట్‌లో ఉన్న స్టేషన్ నంబరుకు మీరే చేయండి. ఎవరో చెప్పిన చిరునామాకు కొరియర్‌లో పడేయకండి. కొరియరు పోతే ఫోన్ ఎవరికి చేరిందో మీరు నిరూపించుకోవాలి. వీలైతే స్వయంగా వెళ్లండి, లేదా తెనాలిలోని మీ స్టేషన్ ద్వారా అప్పగిస్తానని రాతపూర్వకంగా అడగండి. ఫోన్ ఇచ్చేటప్పుడు తెర మీది ఐఎంఈఐ నంబర్లు రాసిన రసీదు గానీ, స్వాధీన పంచనామా నకలు గానీ తీసుకోండి. పెట్టె, బిల్లు జిరాక్సు కూడా అదే రసీదులో రాయించండి. వాటిని ముందుగా ఫొటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఆ పెట్టె ఎవరి ఫోన్‌దో పోలీసులు తేలిస్తే మిమ్మల్ని మోసం చేసినవాడి దాకా దారి దొరకవచ్చు. బ్యాంకు యాప్‌లు, మీ ఖాతాలు ముందే తీసేయండి. ఫోన్ మొత్తాన్ని తుడిచేయడం మాత్రం అధికారిని అడగకుండా చేయకండి.

డబ్బు వేరే సంగతి, అది అమ్మినవాడితో తేల్చుకోవలసినది. మోసం కింద, అంటే న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద ఫిర్యాదు ఇవ్వండి. సంఘటన విజయవాడలో జరిగిందని తెనాలిలో ఫిర్యాదు తీసుకోం అంటే, భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని గుర్తు చేయండి. యూపీఐ లావాదేవీ పన్నెండంకెల సంఖ్య ఫిర్యాదులోనే రాయాలి. అమ్మినవాడు చెప్పిన పేరు ఒకటి, ఖాతాలో కనిపించిన పేరు మరొకటి అయితే రెండూ రాయండి. ఖాతా ఎవరిదో బ్యాంకు పోలీసులకు చెబుతుంది. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినా తప్పు లేదు గానీ, అది గంటల్లో పనికొచ్చే నంబరు. మూడు వారాల తర్వాత ఖాతాలో డబ్బు ఉంటుందని ఆశపడకండి.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని ఎవరైనా అంటే వినకండి. సొంత ఫోన్ అమ్ముకున్నట్లు చెప్పుకునే వ్యక్తి వ్యాపారి కాడు. సివిల్ దావా వేయవచ్చు. అమ్మేవాడికి అమ్మే హక్కు ఉండాలన్నది వస్తు విక్రయ చట్టం సెక్షన్ 14 ప్రకారం ప్రతి అమ్మకంలోనూ ఇమిడి ఉన్న షరతు, దాన్ని వాడు ఉల్లంఘించాడు. కాలపరిమితి మూడేళ్లు, భద్రంగా జనవరి 9 నుంచే లెక్కపెట్టుకోండి. కానీ పద్నాలుగు వేలకు వాడి చిరునామా తెలియకుండా దావా వేయడం నీళ్లలో గీత గీయడమే. ముందు క్రిమినల్ కేసులో వాడు దొరకాలి. దొరికి శిక్ష పడి, అరెస్టు సమయంలో వాడి దగ్గర డబ్బు పట్టుబడి ఉంటే, అమాయకంగా కొన్నవాడికి ఆ డబ్బులోంచి ఇప్పించే అధికారం నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 499 కోర్టుకు ఇచ్చింది. దానికి ఫోన్ యజమానికి తిరిగి చేరి ఉండాలి, మీరు దరఖాస్తు పెట్టాలి. మోసానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉన్నందున ఫిర్యాదుకు కాలపరిమితి అడ్డు రాదు. అయినా వాయిదా వేయకండి. బస్‌స్టేషన్ కెమెరా దృశ్యాల మీద కొన్ని వారాల్లోనే కొత్తవి చేరిపోతుంటాయి.

నగదుగా ఇచ్చిన నాలుగు వేలకు రుజువు లేదని మీరే వదిలేసినట్టున్నారు. మీ అమ్మగారి ఉంగరం కుదువపెట్టిన రసీదు మీద తేదీ, మొత్తం ఉంటాయి. దాని జిరాక్సు ఫిర్యాదుకు జతచేయండి, అసలుది మీ దగ్గరే ఉంచుకోండి.