సంభావ్యతలో అభిసరణ, దాదాపు నిశ్చిత అభిసరణ

ప్రశ్న: రెంటిలోనూ Xₙ సున్నాకే చేరుతుంది కదా, తేడా ఎక్కడ? ఉదాహరణ ఇవ్వండి.

మొదటిది ఒక్కో n దగ్గర సంభావ్యతను విడిగా చూస్తుంది. రెండోది ఒక ω ని పట్టుకుని మొత్తం అనుక్రమాన్ని చూస్తుంది.

[0,1) లో ω ని ఏకరీతిగా ఎంచుకోండి. n = 2ᵏ + j (0 ≤ j < 2ᵏ) అని రాసి, ω ∈ [j/2ᵏ, (j+1)/2ᵏ) అయితే Xₙ = 1, లేకపోతే 0 అనుకోండి. అప్పుడు P(Xₙ = 1) = 2⁻ᵏ. ఇది సున్నాకి పోతుంది కాబట్టి సంభావ్యతలో అభిసరణ ఉంది.

ఇప్పుడు ω = 0.3 తీసుకోండి. n = 1, 2, 5, 10, 20, 41 దగ్గర విలువ 1, మధ్యలో అంతా 0. ప్రతి k కీ ఆ 2ᵏ అంతరాలు కలిసి [0,1) మొత్తాన్ని కప్పేస్తాయి, అందుకే ఏ ω కైనా ప్రతి విడతలో ఒక 1 తప్పదు. 1లు అరుదవుతాయి గానీ ఆగవు. ఒక్క ω దగ్గర కూడా అవధి లేదు.

చాలామంది తడబడేది ఇక్కడే: n = 2ᵏ పదాలను మాత్రమే తీసుకుంటే, ω > 0 అయిన ప్రతిచోటా ఆ ఉపానుక్రమం సున్నాకి చేరుతుంది. సంభావ్యతలో అభిసరణ ఎప్పుడూ హామీ ఇచ్చేది అలాంటి ఒక ఉపానుక్రమం వరకే.