డ్యూక్ దాచనిదీ, దాచలేనిదీ

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఇంగ్లీషు కవి రాబర్ట్ బ్రౌనింగ్ 1842లో ప్రచురించిన ‘మై లాస్ట్ డచెస్’ కవితని ఎంచుకోవడం మంచి పని. యాభై ఆరు పంక్తులే కాబట్టి ఏ మాట ఎక్కడుందో వేలుపెట్టి చూపించొచ్చు. కానీ మొదటి పేరాలోనే “డ్యూక్ తనకు తెలియకుండానే తన క్రూరత్వాన్ని బయటపెట్టుకున్నాడు” అని తేల్చేశావు. నా అభ్యంతరం అక్కడే.

అతను క్రూరత్వాన్ని దాచాడని ఎవరన్నారు? ఇటలీలోని ఫెరారా డ్యూక్ కొత్త సంబంధం కోసం వచ్చిన దూతకి తెర తీసి, పోయిన భార్య చిత్తరువు చూపిస్తున్నాడు. ఆమె నవ్వు గురించి చెబుతూ, ఆజ్ఞలిచ్చాను, దాంతో నవ్వులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి అంటాడు. వింటున్నది కాబోయే మామగారి మనిషి. వచ్చే పెళ్లికూతురు ఎలా ఉండాలో ముందే తెలియజేసే బెదిరింపు అది కావచ్చు. అలాంటప్పుడు అది నోరుజారడం ఎలా అవుతుంది?

అందుకే ఇలా మొత్తం ఒకే పాత్ర మాటల్లో సాగే కవిత, అంటే డ్రమాటిక్ మోనోలాగ్ మీద ఏం రాసినా, మాట్లాడేవాడు ఈ మనిషికి ఈ క్షణంలో ఈ మాటలు ఎందుకు చెబుతున్నాడో ముందు ఒక వాక్యంలో రాసుకో. ఇక్కడైతే, “నా భార్య నా వంశం స్థాయి ఎరిగి నడుచుకోవాలి” అనుకుందాం. ఇప్పుడు కవితలో ఆ పనికి అక్కర్లేనివి, పైగా ఆ పనికి అడ్డొచ్చేవి వెతుకు. నీ వాదనకు ఆధారం ఆ మిగులులో దొరుకుతుంది.

ఆమె తప్పులంటూ అతను చదివే జాబితా చూడు. తను ఇచ్చిన కానుక, పడమట వాలుతున్న పొద్దు, ఎవరో తోటలోంచి విరిచి తెచ్చిన చెర్రీ కొమ్మ, ఆమె ఎక్కి తిరిగిన తెల్ల కంచరగాడిద. వీటన్నిటికీ ఆమె ఒకేలా సంతోషించిందట. అతనికి ఇది నేరారోపణ. మనకి మాత్రం, చిన్న చిన్న వాటికే ముఖం వికసించే ఒక అమ్మాయి కనబడుతుంది. అతను ఎన్ని ఉదాహరణలిస్తే ఆమె అంత నిర్దోషి అవుతుంది.

ఇంకా లోతుకి వెళ్లు. ఆమె గుండె ఎలాంటిదో చెప్పబోతూ “ఎలా చెప్పాలి” అని ఆగుతాడు. ఆమె కృతజ్ఞత గురించి చెబుతూ “ఎలాగో, నాకే తెలీదు” అంటాడు. తొమ్మిది వందల ఏళ్ల తన ఇంటిపేరునీ, దారినపోయేవాళ్లిచ్చిన కానుకనీ ఆమె ఒకే గాటన కట్టినట్టుందట. తర్వాత ఆమె తప్పుని “ఇదో, అదో” అని వదిలేస్తాడు. మాటల్లో నేర్పు లేదని చెప్పుకునే ఈ మనిషి, ప్రాసలు పైకి తేలకుండా వాక్యాన్ని పంక్తి నుంచి పంక్తికి అలవోకగా నడిపిస్తాడు. అలాంటివాడు సరిగ్గా ఆమె తప్పుకి పేరు పెట్టాల్సిన చోటే తడబడుతున్నాడు. ఆ పైన, నీలో ఫలానాది నాకు నచ్చలేదని చెప్పడం కూడా దిగజారడమేననీ, తాను ఎన్నడూ దిగజారననీ అంటాడు. అంటే ఆమెకి తన తప్పేమిటో ఎవరూ చెప్పలేదు, శిక్ష మాత్రం పడింది. ఈ సంగతి అతని నోటి నుంచే వచ్చింది. గొప్పగా చెప్పుకున్న మాటే అతని మీద సాక్ష్యంగా నిలబడింది. నీ వ్యాసానికి నడుం ఈ పేరానే కావాలి.

దీనికి ఎదురుప్రశ్న వస్తుంది. డ్యూక్ అంత తెలివైనవాడైతే, ఆ తడబాటు కూడా నటనేనేమో? అది బలమైన ప్రశ్నే, దాటేసి పోకు. వచ్చే భార్యని హెచ్చరించాలంటే ఆమె ఏం చేయకూడదో స్పష్టంగా చెప్పాలి కదా, ఆ ఒక్కటే అతను చెప్పలేకపోతున్నాడని జవాబివ్వు. అస్పష్టంగా బెదిరిస్తేనే భయం ఎక్కువని ఎవరైనా అంటే, ఆ మేరకు ఒప్పుకో. అతని మనసులో ఏముందో మనం రుజువు చేయలేం. ఈ మాట అతని పనికి సాయపడిందా, అడ్డుపడిందా అన్నది మాత్రం చూపించగలం. “తెలియకుండానే” తీసేసి, “తన ఉద్దేశానికి అవసరం లేకపోయినా” అని రాస్తే నీ వాక్యం నిలబడుతుంది.

దూత విషయంలో కూడా జాగ్రత్త. చివర్లో డ్యూక్ “లేదు, కలిసే దిగుదాం” అన్నాడు కాబట్టి దూత అసహ్యంతో పారిపోబోయాడని రాశావు. ఆ “లేదు” వల్ల దూత ఏదో కదలిక చూపాడని మాత్రమే అనుకోవచ్చు. మర్యాద కోసం వెనక్కి తగ్గి ఉండొచ్చు కూడా.

హత్య మీద నువ్వు రాసిన పేజీన్నర కొట్టేయ్. ఆ ఆజ్ఞలేమిటని తర్వాత బ్రౌనింగ్‌నే అడిగితే, చంపమని అన్నాడు, మళ్లీ కాన్వెంట్‌లో పెట్టించి ఉండొచ్చు అని కూడా అన్నాడు. మన వాదనకి అది తేలాల్సిన పని లేదు. ఆ జాగాలో చెర్రీ కొమ్మ దగ్గర ఇంకాస్త ఆగి, ఆ పేరా రాసి పంపు.

ప్రేమతో,
అన్నయ్య