ఏ దేశం ఏ వస్తువు ఎగుమతి చేస్తుంది: మూలధనం, శ్రమ లెక్కలు

ప్రశ్న: మూలధనం ఎక్కువున్న దేశమే యంత్రాలు ఎగుమతి చేస్తుందని రాస్తే సార్ తప్పు కొట్టేశారు. పట్టికలో ఆ దేశానికే మూలధనం ఎక్కువ ఉంది కదా, మరి ఎలా తప్పు?

జవాబు: అనంతపురంలో ఎం.ఏ. చదివే రోజుల్లో నేనూ ఇలాగే రాసి మార్కులు పోగొట్టుకున్నాను. తప్పెక్కడుందో ధర్మవరంలో మా మేనమామ ఇంటికి వెళ్లినప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో మగ్గాలు మూడు, పనిచేసేవారు తొమ్మిది మంది. ఎదురింట్లో మగ్గాలు రెండు, మనుషులు ఇద్దరే. మగ్గాలు మామ ఇంట్లోనే ఎక్కువైనా, కూర్చోవడానికి మగ్గం దొరకనివారు ఎదురింటివాళ్లకు కండెలు చుట్టి ఇచ్చి కూలి తెచ్చుకునేవారు.

హెక్షర్, ఓలిన్ అనే స్వీడన్ ఆర్థికవేత్తల సిద్ధాంతంలో చూడవలసినది కూడా మొత్తం మూలధనం కాదు, ఒక్కో శ్రామికుడికి ఎంత వస్తుందన్నదే, అంటే K/L. ‘క’ దేశంలో మూలధనం 1,000, శ్రామికులు 500 అనుకోండి. ‘గ’ దేశంలో రెండూ 3,000 చొప్పున. మొదటిదాని నిష్పత్తి 2, రెండవదానిది 1 కనుక, మూలధనం మూడోవంతే ఉన్నా ‘క’ దేశమే మూలధన సమృద్ధం.

వస్తువులకూ ఇదే కొలత. ఒక యంత్రానికి 12 మూలధనం, 4 శ్రమ కావాలి. ఒక బేలు బట్టకు 1 మూలధనం, 2 శ్రమ చాలు. యంత్రానికి శ్రమ కూడా ఎక్కువే పడుతుంది కదా అని ఇక్కడ మళ్లీ కొందరు తడబడతారు. కానీ నిష్పత్తి యంత్రానికి 3, బట్టకు 0.5 కనుక యంత్రమే మూలధన సాంద్ర వస్తువు.

ఇప్పుడు రెండు వనరులనూ పూర్తిగా వాడే ఉత్పత్తిని లెక్కిస్తే ‘క’ దేశంలో 75 యంత్రాలు, 100 బేళ్లు వస్తాయి. ‘గ’ దేశంలో 150 యంత్రాలు, 1,200 బేళ్లు. యంత్రాలు ‘గ’ దేశంలోనే రెట్టింపు తయారైనా, వంద బేళ్లకు అక్కడ పన్నెండున్నర యంత్రాలే, ‘క’ దేశంలో 75. రెండుచోట్లా అభిరుచులు, సాంకేతికత ఒకటే అయితే యంత్రం బట్టతో పోలిస్తే ‘క’ దేశంలో చౌక, అందుకే అది యంత్రాలను, ‘గ’ దేశం బట్టను ఎగుమతి చేస్తాయి.

ఆ ‘అయితే’ను జవాబులో తప్పక రాయండి, ఎందుకంటే ‘క’ దేశీయులకు యంత్రాల మోజు మరీ ఎక్కువైతే అక్కడ వాటి ధర పెరిగి, ఎగుమతి దిశే తిరగబడవచ్చు. నిజ లెక్కలూ ఒక్కోసారి కుదరవు: 1953లో లియాన్‌టిఫ్ అనే ఆర్థికవేత్త, మూలధన సమృద్ధమని అందరూ అనుకునే అమెరికా 1947 నాటి వివరాలతో చూస్తే, ఆ దేశం దిగుమతులకు బదులు స్వయంగా తయారుచేసుకునే వస్తువులకు ఒక్కో శ్రామికుడికి పట్టే మూలధనం, దాని ఎగుమతులకు పట్టేదానికంటే దాదాపు 30 శాతం ఎక్కువగా తేలింది.