డెలివరీ ఎప్పుడు మానాలో నాకు నోట్‌బుక్ చెప్పింది

ప్రశ్న: డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క హైదరాబాద్‌లో ఎనిమిది నెలలుగా ఫుడ్ డెలివరీ చేస్తున్నాను. నెలకు 25 నుంచి 28 వేలు వస్తున్నాయి. ఇంట్లో మానెయ్యమంటున్నారు. ఇంకో రెండేళ్లు చేసి కొంత వెనకేసుకుని వేరే పనికి మారొచ్చా, లేక ఇప్పుడే మానడం మంచిదా?

నీకు 25 వేలు రావట్లేదు తమ్ముడూ. ముందు అది తేలితే గానీ మిగతాది మాట్లాడుకోలేం. నేను 2021 అక్టోబరు నుంచి 2023 ఏప్రిల్ దాకా మూసాపేట, కూకట్‌పల్లి, నిజాంపేట వైపు బండి నడిపాను. మొదటి తొమ్మిది నెలలూ నేనూ నీలాగే యాప్‌లో కనబడే అంకెనే సంపాదన అనుకున్నాను. 2022 వానాకాలంలో ఒక దెబ్బ తగిలాక మూడు వారాలు నోట్‌బుక్‌లో లెక్క రాశాను. ఆ లెక్కలో ఒక మామూలు రోజు ఇలా ఉంది.

11 గంటలు తిరిగితే 24 ఆర్డర్లు, ఇన్సెంటివ్‌తో కలిపి 1040 రూపాయలు. తిరిగిన దూరం 130 కిలోమీటర్లు. యాప్ నీకు చూపించే దూరం వేరు, మీటరు మీద తిరిగేది వేరు. డ్రాప్ ఇచ్చి ఖాళీగా వెనక్కి వచ్చే దూరానికి ఎవరూ డబ్బు కట్టరు. ట్రాఫిక్‌లో నా బండి లీటరుకు 45 ఇచ్చేది, పెట్రోలు అప్పుడు 109 రూపాయల 66 పైసలు. అంటే 317 పోయాయి. ఆయిలు, టైర్లు, చైన్ స్ప్రాకెట్, బ్రేకులు, క్లచ్ ప్లేట్లు, ఏడాది బిల్లులన్నీ కూడి కిలోమీటర్లతో భాగిస్తే కిలోమీటరుకు 70 పైసలు. అదొక 90. ఇంక ఎవరూ లెక్కేయనిది బండి ధర. 88 వేలు పెట్టి కొన్న కొత్త బండిని 62 వేల కిలోమీటర్లు తిప్పి 46 వేలకు అమ్మాను. అదీ కిలోమీటరుకు 70 పైసలకు దగ్గరే, ఇంకో 90. మొత్తం తీసేస్తే చేతిలో మిగిలింది 543. గంటకు 50 కూడా లేదు. బండిని కొంచెం కొంచెంగా కోసి అమ్ముకుంటూ దాన్ని జీతం అనుకున్నానన్నమాట.

ఇప్పుడు ఆ దెబ్బ సంగతి. మా ఊరి అన్న ఒకాయన మూసాపేటలో ఏసీ పని చేస్తాడు. జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసి, "రేపు పొద్దుగాల ఏడింటికి మెట్రో కాడ ఉండు తమ్మీ. తెల్లాపూర్ల కొత్త అపార్ట్‌మెంట్ ఉంది, కాపర్ పైపింగ్, మూడు వారాల పని. హెల్పర్ పోరడు ఊరికి పోయిండు," అన్నాడు. సరే అన్నాను. నిజంగానే వెళ్దామనుకున్నాను. కానీ ఆ వారం ఇన్సెంటివ్ టార్గెట్‌కు నాకు రెండే ఆర్డర్లు తక్కువ. అవి కొడితే 300 వస్తాయి, కొట్టకపోతే ఆ స్లాబు, అంటే ఆ మెట్టుకు ఇచ్చే ఇన్సెంటివ్, మొత్తం సున్నా. రాత్రి 10:40కి ఒక బిర్యానీ హోటల్ బయట వానలో నిలబడ్డాను. లోపల పార్సిల్ కౌంటర్ దగ్గర, "ఐదు నిమిషాలు భాయ్" అని ముప్పై అయిదు నిమిషాలు నిలబెట్టారు. (ఈ వెయిటింగ్ గురించి విడిగా ఒక పురాణం రాయొచ్చు. కస్టమర్ తిట్టేది మమ్మల్నే, హోటల్‌ను కాదు.) మొదటిది ఇచ్చాను. రెండోది నిజాంపేట లోపలికి. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. ముందు ఆటో దాటింది కదా అని నేనూ దింపాను. సగంలో ఆగిపోయింది. కస్టమర్‌కు ఫోన్ చేస్తే, "అందరూ ఇలాగే చెప్తారు, ఎలాగైనా తీసుకురా" అన్నాడు. బండి పక్కన పెట్టి నడిచి వెళ్లి ఇచ్చాను. టార్గెట్ పూర్తయింది. 300 పడ్డాయి. ఫోన్‌లో పచ్చ రంగులో అభినందనలు కూడా వచ్చాయి.

తరవాత ఒంటి గంటన్నర దాకా బండి తోసుకుంటూ వచ్చాను. పొద్దున లేచేసరికి తొమ్మిది. అన్న నుంచి ఆరు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఆయన ఎదురుచూసి ఇంకొకణ్ని తీసుకుపోయాడు. మెకానిక్ ఇంజన్‌లోంచి నీళ్లు తీసి, ఆయిల్ రెండుసార్లు మార్చి, ప్లగ్గు, బేరింగు అని 2800 బిల్లు వేశాడు. రెండు రోజులు బండి రోడ్డు మీదికి రాలేదు. ఆ మూడు వందల కోసం నాకు పోయింది 2800, రెండు రోజుల ఆదాయం, అన్నిటికన్నా పెద్దది మూడు వారాల పని నేర్చుకునే అవకాశం.

అందుకే చెబుతున్నాను, "ఇంకో రెండేళ్లు" లాంటి తారీఖు పెట్టుకోకు. నా రూమ్మేట్లు నలుగురూ తారీఖులు పెట్టుకున్నవాళ్లే. ముగ్గురు ఇంకా తిరుగుతున్నారు. నిన్ను ఆపేది బద్ధకం కాదు, స్లాబు. చివరి రెండు మూడు ఆర్డర్లకు మాత్రమే పెద్ద డబ్బు పెట్టి, దానికి లాగిన్ గంటలు జతచేస్తారు. సరిగ్గా నువ్వు చదువుకోవాల్సిన గంట, నిద్రపోవాల్సిన గంట అక్కడే పోతాయి. ఇన్సెంటివ్ వదులుకున్న రోజు నుంచే నీ ఎగ్జిట్ మొదలైనట్టు. అంతకు ముందు చెప్పేవన్నీ కబుర్లు. ఇందులో నాతో ఎవరు వాదించినా ఒప్పుకోను.

వదులుకుంటే ఎంత పోతుందో కూడా నోట్‌బుక్కే చెప్పింది. ఆర్డర్లను గంటలవారీగా విడగొట్టి రాశాను. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎనిమిది ఆర్డర్లు. రాత్రి 6:30 నుంచి 11 దాకా పదకొండు. మధ్యలో మూడున్నర గంటలకు కేవలం అయిదు, అవి కూడా దూరం దూరంవి. పెట్రోలు, బండి అరుగుదల తీసేస్తే ఆ మూడున్నర గంటలకు నాకు మిగిలేది వంద కూడా కాదు. చెట్టు కింద బండి మీద పడుకుని ఫోన్ చూస్తూ గడిపే గంటలవి. ఇన్సెంటివ్ మీద ఆశ వదులుకుంటే అవి ఖాళీ.

డిసెంబరులో అన్న దగ్గరికి మళ్లీ వెళ్లాను. రెండు మాటలు తిట్టాడు, రమ్మన్నాడు. డిసెంబరే ఎందుకంటే, హైదరాబాద్‌లో ఏసీ పని ఫిబ్రవరి చివర మొదలై జూన్ దాకా ఊపిరాడనివ్వదు. సీజన్‌లో నేర్పేంత ఓపిక ఎవరికీ ఉండదు, చలికాలంలో షాపులో కూర్చోబెట్టి చూపిస్తారు. నువ్వు ఏ పని ఎంచుకున్నా దానికొక సీజన్ ఉంటుంది, దానికి మూడు నెలల ముందు లోపలికి దూరాలి. నేను ఆ ఖాళీ గంటల్లో, మధ్యాహ్నం 3 నుంచి 6:30 దాకా, షాపులో జీతం లేకుండా పనిచేశాను. ఇన్‌డోర్ యూనిట్ విప్పడం, జెట్ పంపుతో కడగడం, పైపుకు ఫ్లేర్ కొట్టడం, అంటే బిగించడానికి దాని చివర వెడల్పు చేయడం. ఫ్లేర్ సరిగ్గా రాక పాడుచేసిన రాగి పైపు ముక్కలు ఒక సంచెడు అయ్యాయి. ఏసీలో నింపే ఆర్-32 గ్యాస్ మండే గుణం ఉన్నది కాబట్టి లైన్‌లో గ్యాస్ ఉండగా అతుకులు వేసే మంట పెట్టకూడదని, ఫిట్ చేశాక వ్యాక్యూమ్ పంపు పెట్టకుండా గ్యాస్ వదిలితే లోపలి తేమ కంప్రెసర్‌ను తినేస్తుందని అక్కడే తెలిసింది. తొందరలో ఉన్నవాళ్లు ఆ వ్యాక్యూమ్ ఎగ్గొడతారు. కస్టమర్‌కు ఆరోజు చల్లగానే ఉంటుంది.

మార్చి నుంచి పగలంతా హెల్పర్, రోజుకు 400. రాత్రి డిన్నర్ టైంలో మాత్రం డెలివరీ. ఆ రెండు నెలలు ఒళ్లు హూనమైంది, అబద్ధం చెప్పను. కానీ రూము అద్దెకు, ఇంటికి పంపడానికి లోటు రాలేదు. ఏప్రిల్ ఆఖరున బండి అమ్మేసి పాత స్కూటర్ కొన్నాను, మిగిలిన డబ్బు పనిముట్లకు పోయింది.

ఇంకో రెండు విషయాలు, డెలివరీలో ఉన్నన్నాళ్లూ నాకు ఎవరూ చెప్పనివి. నీ చెల్లింపుల్లోంచి ముందే పట్టుకునే పన్ను, అదే టీడీఎస్, ఒక శాతం కోసి ఉంటారు, ఆదాయపు పన్ను సైట్‌లో ఫారం 26ఏఎస్ తెరిచి చూడు. పన్ను కట్టేంత ఆదాయం లేకపోతే ఐటీఆర్, అంటే పన్ను రిటర్న్, వేస్తే అది తిరిగొస్తుంది. నాకు ఒక ఏడాదికి మూడు వేల పైచిలుకు వచ్చింది, దాంతోనే కరెంటు కొలిచే సొంత క్లాంప్ మీటర్ కొన్నాను. పైగా రేపు లోన్‌కు వెళ్తే జీతం స్లిప్పు లేని నీకు ఆ ఐటీఆరే కాగితం. రెండోది, నీ బండి ఇన్సూరెన్స్ కాగితం తిప్పి చదువు. మామూలు ప్రైవేటు పాలసీలో బండిని కిరాయికి గానీ, సరుకు మోయడానికి గానీ వాడకూడదని రాసి ఉంటుంది. బ్యాగుతో ఉండగా యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర ఆ లైనే చూపిస్తారు. కంపెనీ ఇచ్చే ప్రమాద బీమా నీ ఒంటికి, బండికి కాదు. అదీ లాగిన్‌లో ఉన్నప్పుడే వర్తిస్తుందా అన్నది అడిగి తెలుసుకో.

మీ ఇంట్లోవాళ్లు మానెయ్యమనేది పెళ్లి సంబంధాల గురించే అయితే వాళ్ల మాట పట్టించుకోకు. మా ఇంట్లోనూ అదే గోల. "డెలివరీ" అనగానే మొహం తిప్పుకున్న సంబంధమే, "టెక్నీషియన్" అనగానే ఫోటో అడిగింది. మనిషి నేనే, స్కూటర్ కూడా పాతదే.

నవ్వొచ్చే సంగతి ఏంటంటే నేను ఇప్పటికీ వారానికి మూడు రోజులు యాప్ మీదే పనిచేస్తాను, ఇంటి సర్వీసులవాళ్ల దగ్గర. రేటింగులు ఉన్నాయి, ఐడీ బ్లాకులు ఉన్నాయి, కమీషన్ కోత ఇంకా ఎక్కువ. తేడా ఒక్కటే, అది ఆగిపోయినా గ్యాస్ ఒత్తిడి చూసే గేజ్ మీటర్ నా సంచిలోనే ఉంటుంది. యాప్ కస్టమర్ నంబర్లు దాచుకోకూడదని రూలు, నేను దాచుకోను కూడా. మిగతా నాలుగు రోజుల పని ఎక్కడి నుంచి వస్తుందంటే, వాచ్‌మెన్ల నుంచి. ఏడాదిన్నర పాటు సర్వీస్ లిఫ్ట్ దగ్గర, గేటు రిజిస్టర్ దగ్గర రోజూ మొహం చూసినవాళ్లు. నిజాంపేటలో ఆ వాన రాత్రి బండిని తన షెడ్డు కింద పెట్టుకోనిచ్చిన వాచ్‌మన్ తాతే నాకు మొదటి కస్టమర్‌ను చూపించాడు, మూడో అంతస్తు, నీళ్లు కారే ఏసీ. కాబట్టి తమ్ముడూ, ఈ రాత్రి డ్రాప్‌కు వెళ్లినప్పుడు గేటు దగ్గర వాళ్లతో గొడవ పెట్టుకోకు, పేరు అడుగు.