సీనియర్ నోట్సులో చెట్లు చూసి భయపడుతున్నారా?

"సార్, నేను బీఏ ఇంగ్లీష్ లిటరేచర్ ఫైనల్ ఇయర్. ఎంఏ లింగ్విస్టిక్స్ చేద్దామనుకుంటున్నాను. ఒక సీనియర్ అక్క నోట్సు ఇచ్చింది. అందులో ప్రతి వాక్యానికీ తలకిందుల చెట్టు బొమ్మ, ఎన్‌పీ, వీపీ అని అక్షరాలు. ఒక్కటీ అర్థం కాలేదు, టెన్షన్‌గా ఉంది. ఇంటర్‌లో నాది హెచ్ఈసీ. మ్యాథ్స్ రానివాళ్లకి ఇది కుదురుతుందా?" – ఒక విద్యార్థిని, నల్గొండ

లింగ్విస్టిక్స్ అంటే భాష ఎలా పనిచేస్తుందో చదివే సబ్జెక్టు, దానికి మ్యాథ్స్ అక్కర్లేదమ్మా. ఆ చెట్టులో లెక్కలేమీ లేవు. వాక్యంలో ఏ మాట ఏ మాటతో ముందు జతకట్టింది, ఆ జత మళ్లీ దేనితో కలిసింది అన్నది గీసి చూపించడమే దాని పని. మీరు చూసిన నోట్సులో బొమ్మలే ఉన్నాయి కానీ, ఆ గీత అక్కడే ఎందుకు పడాలో ఉండి ఉండదు. అసలు నేర్చుకోవాల్సింది అదే.

ఇంగ్లీష్ వాక్యం వదిలేసి మన మాటే తీసుకుందాం. "పాత పుస్తకాల షాపు". ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచి అమ్మే సెకండ్ హ్యాండ్ పుస్తకాల దుకాణాన్ని ఇలా అంటాం. మా వీధిలో ఒక పుస్తకాల షాపు ఉండేది, ఎదురుగా కొత్తది వచ్చింది, మొదటిదాన్ని చూపించడానికి కూడా "పాత పుస్తకాల షాపు" అనే అంటాం. అందులో దొరికేవన్నీ కొత్త పుస్తకాలే. రెండు చోట్లా "పాత" అనే మాటకి అర్థం ఒకటే. మారింది జత. మొదటి దాంట్లో "పాత" పుస్తకాలతో కలిసింది, రెండో దాంట్లో "పుస్తకాల షాపు" అనే మొత్తంతో కలిసింది. గీస్తే ఇలా ఉంటుంది:

```
NP                        NP
├─ NP                     ├─ Adj  పాత
│  ├─ Adj  పాత            └─ NP
│  └─ N    పుస్తకాల           ├─ N  పుస్తకాల
└─ N       షాపు               └─ N  షాపు
```

ఎన్‌పీ అంటే నామబంధం, అంటే నామవాచకం చుట్టూ కట్టిన గుంపు. రెండు చెట్లలోనూ ఆకులు అవే మూడు, అదే వరసలో ఉన్నాయి. తేడా అంతా కొమ్మల్లోనే ఉంది.

మరి ఈ గుంపులు నిజంగా ఉన్నాయా, మనం ఊహించుకున్నామా? ఒక మాట మధ్యలో దూర్చి, లేదా ఉన్న మాటని జరిపి చూడండి. "పాత పుస్తకాల పెద్ద షాపు" అన్నారనుకోండి, ఇక పాతవి పుస్తకాలే, రెండో అర్థం పోయింది. "పుస్తకాల పాత షాపు" అంటే మొదటి అర్థం పోయింది. ఇలా కదిపి, దూర్చి, మార్చి చూడటమే ఈ సబ్జెక్టులో రోజూ చేసే పని.

ఇప్పుడు పూర్తి వాక్యానికి వెళ్దాం. "రవి పాత పుస్తకాల షాపులో డిక్షనరీ కొన్నాడు." ఎక్కడ కొన్నాడు అంటే "పాత పుస్తకాల షాపులో" అని జవాబు వస్తుంది, అంతా ఒక ముద్దగా. ఆ ముద్ద బదులు "అక్కడ" అనొచ్చు. మొత్తాన్ని వాక్యం ముందుకి జరపొచ్చు: "పాత పుస్తకాల షాపులో రవి డిక్షనరీ కొన్నాడు." కానీ అందులోంచి "షాపులో" ఒక్కటే విడదీసి "పాత పుస్తకాల రవి షాపులో డిక్షనరీ కొన్నాడు" అంటే, రవి పాత పుస్తకాలు అమ్మేవాడయిపోతాడు. కాబట్టి అది ఒక గుంపు.

ఇక్కడే నేను చదువుకునే రోజుల్లో మార్కులు పోగొట్టుకున్నాను. కలిపి రాస్తాం కదా అని "షాపులో"ని ఒకే ఆకుగా గీశాను. పేపర్లో "గుంటూరు, విజయవాడల్లో వర్షాలు" అని రాస్తారు చూడండి. "లో" ఒక్కసారే వచ్చింది, రెండు ఊళ్లకీ సరిపోయింది. అంటే అది పక్కనున్న మాటకి కాదు, గుంపు మొత్తానికి అతుక్కుంటోంది. అందుకే చెట్టులో దానికి వేరే కొమ్మ ఇస్తారు.

ఇక క్రియ వైపు. "సీత కూడా అదే పని చేసింది" అంటే ఆమె కూడా ఆ షాపుకే వెళ్లి డిక్షనరీ కొన్నదని అనుకోవచ్చు. "సీత అదే పని ఆన్‌లైన్‌లో చేసింది" అంటే మాత్రం "అదే పని"లోకి షాపు రాదు, డిక్షనరీ కొనడమే వస్తుంది. ఒకే మాట ఒకసారి పెద్ద ముక్కకీ, ఒకసారి దానిలోపలి చిన్న ముక్కకీ బదులుగా నిలబడింది. కాబట్టి క్రియాబంధం, అంటే మీ నోట్సులోని వీపీ, ఒకదానిలో ఒకటిగా రెండు ఉన్నాయి. కొమ్మలు గీయకుండా బ్రాకెట్లతోనూ రాస్తారు:

```
[S [NP రవి]
   [VP [PP [NP పాత పుస్తకాల షాపు] లో]
       [VP [NP డిక్షనరీ] [V కొన్నాడు]]]]
```

ఎస్ అంటే వాక్యం. పీపీ అంటే "లో", "తో" లాంటి విభక్తి ప్రత్యయం చివర ఉన్న గుంపు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు ఈ పేర్లు అతికించేసి తర్వాత గుంపుల కోసం వెతుకుతారు, అందుకే తికమక. ముందు గుంపులు తేల్చండి, పేర్లు తర్వాత. గీశాక ఏదో ఒక చీలిక దగ్గర వేలు పెట్టి, దాని కింద వేలాడుతున్న మాటలన్నీ కలిపి చదవండి. ఏ ప్రశ్నకీ జవాబు కాక, ఒక్క మాటతో మార్చడానికీ కుదరకపోతే ఆ చీలికని అనుమానించండి.

సీనియర్ నోట్సు మిమ్మల్ని బెదరగొట్టడానికి ఇంకో కారణం ఉండొచ్చు. 1957లో అమెరికా భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ పుస్తకంతో ఈ పద్ధతి బాగా పాకింది, అందులో ఉదాహరణలు ఇంగ్లీష్‌వి. ఇంగ్లీష్‌లో క్రియ ముందు, కర్మ తర్వాత. అందుకే చెట్టు కుడివైపుకి దిగుతూ పోతుంది. మనకి ముఖ్యమైన మాట చివర వస్తుంది. "మా ఊరి లైబ్రరీ తలుపు తాళం" తీసుకోండి. "మా ఊరి" ఒక గుంపు, అది "లైబ్రరీ"లో, అదంతా "తలుపు"లో, అదంతా "తాళం"లో ఇమిడింది. గీస్తే చెట్టు ఎడమవైపుకి వాలుతుంది. ఇంగ్లీష్ చెట్టుని అద్దంలో చూసినట్టు ఉంటుంది.

ఒక చిక్కు కూడా ముందే చెప్తాను. తెలుగులో "డిక్షనరీ రవి కొన్నాడు" అని కూడా అనొచ్చు. ఒకే గుంపు అనుకున్న "డిక్షనరీ", "కొన్నాడు" మధ్యలో రవి వచ్చి కూర్చున్నాడు, కొమ్మలు ఒకదాన్నొకటి దాటుతాయి. ఇలాంటి వాక్యాల వల్లే ఐఐఐటీ హైదరాబాద్ వాళ్లు భారతీయ భాషల వాక్యాలని కంప్యూటర్ కోసం గుర్తులు పెట్టేటప్పుడు గుంపుల చెట్టు కాకుండా, పాణిని కారకాల ఆధారంగా ఏ మాట ఏ మాటకి చెందుతుందో చూపే చెట్టు వాడారు. భాషా టెక్నాలజీ ఉద్యోగాల వైపు వెళ్లాలంటే రెండూ తెలియాలి, కానీ మొదటిది వచ్చినవాళ్లకి రెండోది పెద్ద కష్టం కాదు.

హైదరాబాద్‌లోనే ఉస్మానియా, ఇఫ్లూ, సెంట్రల్ యూనివర్సిటీల్లో లింగ్విస్టిక్స్ ఉంది. అర్హతలు, ఎంట్రన్స్ వివరాలు ఆ ఏడాది నోటిఫికేషన్లోనే చూసుకోండి, పాత సమాచారం నమ్మొద్దు.

అప్లై చేసేముందు ఒక పని చేయండి. "కొత్త టీచర్ల జీతాలు" అనే మాటకి రెండు చెట్లు గీసి, ఒక్కో అర్థమే మిగిలేలా మధ్యలో ఏ మాట దూర్చాలో, ఏ మాట జరపాలో కనుక్కోండి. అరగంట కూర్చున్నాక ఇంకో మాట వెతకాలనిపిస్తే ఈ కోర్సు మీకు కుదురుతుంది. విసుగొస్తే ఎంఏ ఇంగ్లీష్ ఉండనే ఉంది.